ప్రత్యర్థి ఒక్కడే, అయినా రెండు వకాలత్‌లు కుదరవు: ఎథిక్స్ పేపర్లో ఒక ప్రశ్న

ఎల్ఎల్‌బీ ప్రొఫెషనల్ ఎథిక్స్ పేపర్లో ప్రయోజనాల ఘర్షణ మీద వచ్చే ప్రశ్నల్లో కొన్ని తేలిక. భర్త తరఫున విడాకుల పిటిషన్ రాసిన లాయరు అదే కేసులో తర్వాత భార్య తరఫున నిలబడ్డాడు, సబబేనా అని అడుగుతారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 33వది గుర్తుంటే మార్కులు వచ్చేస్తాయి. తిప్పలు పెట్టేది ఇంకో రకం. అందులో క్లయింట్లిద్దరూ ఒకరికొకరు ప్రత్యర్థులు కారు. ఇద్దరి గొడవా మూడో మనిషితోనే. పైకి చూస్తే ఇద్దరూ ఒకే జట్టు. ఆ జట్టు ఎక్కడ విడిపోతుందో పట్టుకోవడమే ప్రశ్న.

ప్రశ్న ఇలా ఉందనుకుందాం.

ఒక పల్లెలో ఆరెకరాల పిత్రార్జితం. తల్లిదండ్రులు పోయారు, మిగిలింది ఒక అన్న, ఒక చెల్లెలు. పాస్‌బుక్కూ సాగూ అన్న చేతిలోనే ఉన్నాయి. తన సగం తనకు పంచి ఇప్పించమని చెల్లెలు 2023 జూన్‌లో అన్న మీద పార్టిషన్ దావా వేసింది. ఆమె వకాలత్ ఒక అడ్వకేట్ తీసుకున్నాడు. 2024 జనవరిలో పక్క ఊరి ఆసామి ఒకాయన అదే అడ్వకేట్ ఆఫీసుకు వచ్చాడు. ఆ అన్న తనకు నాలుగెకరాలు అమ్ముతానని 2022 నవంబరులో అగ్రిమెంట్ రాశాడు. ఎకరం 40 లక్షల చొప్పున ధర కోటీ 60 లక్షలు, అందులో 50 లక్షలు అప్పుడే తీసుకున్నాడు. ఇప్పుడు రిజిస్ట్రేషన్‌కు రమ్మంటే రావడం లేదు. ఆ నాలుగెకరాల్లో రోడ్డు వైపున్న రెండెకరాలూ ఉన్నాయి. కుటుంబ అప్పులు తీర్చడానికి అమ్ముతున్నట్టు అగ్రిమెంట్లో ఒక వాక్యం ఉంది. దాని గురించి అడిగితే ఆసామి చెప్పింది ఇది: “అది రాతకోసం రాయించుకున్నదే సార్. అప్పులేమీ లేవు. ఆ డబ్బు పెట్టి ఆయన టౌన్లో ప్లాటు కొన్నాడు, నాకు ముందే తెలుసు.”

అడ్వకేట్ అంతా విని, కేసు బాగుందని చెప్పి, ఫీజు మాట్లాడుకుని, అగ్రిమెంట్ ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని అన్న మీద స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా వేశాడు. చెల్లెలికి ఈ సంగతి చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత కోర్టు వరండాలో ఎవరో చెబితే ఆమెకు తెలిసింది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టింది. అడ్వకేట్ జవాబు ఒక్కటే: రెండు దావాల్లోనూ ప్రతివాది ఆ అన్నే, నా క్లయింట్లలో ఒకరి మీద ఇంకొకరి తరఫున నేనెక్కడా హాజరు కాలేదు. నియమాల ఆధారంగా చర్చించండి.

అడ్వకేట్ జవాబును తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నియమాన్ని అక్షరం ప్రకారం చదివితే అందులో బలముంది. ఒక పక్షానికి దావా వేయడంలో సలహా ఇచ్చినా, ప్లీడింగులు రాసినా, ఆ పక్షం తరఫున పనిచేసినా, ఆ అడ్వకేట్ ఎదుటి పక్షం తరఫున పనిచేయకూడదు, హాజరు కాకూడదు, వాదించకూడదు అని 33వ నియమం అంటుంది. ‘ఎదుటి పక్షం’ అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. పార్టిషన్ దావాలో కొనుగోలుదారు పార్టీ కాడు. స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలో చెల్లెలు పార్టీ కాదు. పైగా ఆ రెండో దావాలో ఆమెను చేర్చుకోవాల్సిన అవసరమూ మామూలుగా ఉండదు. అగ్రిమెంట్‌తో సంబంధం లేకుండా ఆస్తి మీద విడిగా హక్కు చెప్పే మూడో మనిషి ఇలాంటి దావాలో తప్పనిసరి పార్టీ కాదని కస్తూరి కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. కాబట్టి ఈ ఇద్దరి పేర్లూ ఒకే దావా కాగితం మీద ఎదురెదురుగా ఎప్పటికీ కనబడకపోవచ్చు. 33వ నియమం ఒక్కటే రాసి, కాబట్టి దుష్ప్రవర్తన అని ముగించిన విద్యార్థి ఈ అడ్డంకిని చూడలేదన్నమాట. ప్రత్యర్థి ఒక్కడే కనుక ఘర్షణే లేదని రాసిన విద్యార్థి అడ్డంకి దగ్గరే ఆగిపోయాడు.

దావా కాగితం మీది పేర్లను పక్కన పెట్టి, ఇద్దరికీ ఏం కావాలో చూస్తే బొమ్మ మారిపోతుంది. ఆరెకరాల్లో చెల్లెలి వాటా మూడు. అన్న వాటా మూడు. అన్న అమ్ముతానన్నది నాలుగు. అంటే ఎంత ఉదారంగా లెక్కేసినా ఒక ఎకరం చెల్లెలి వాటాలోకి పోతుంది. ఆ ఎకరం విలువే 40 లక్షలు. కొనుగోలుదారుకు నాలుగెకరాలూ దక్కాలంటే చెల్లెలికి రెండే మిగలాలి. చెల్లెలికి మూడు దక్కాలంటే కొనుగోలుదారుకు మూడే మిగులుతాయి. ఇద్దరికీ అన్న మీద కోపముండొచ్చు, కానీ ఇద్దరూ చేయి వేసింది ఒకే కంచంలో.

దీన్ని కోర్టు పనిలో పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పార్టిషన్ దావా వేసిన చెల్లెలి తరఫున మంచి లాయరు మొదటగా చేసే పనుల్లో ఒకటి, దావా తేలేదాకా భూమిని అన్యాక్రాంతం చేయకుండా అన్న మీద ఇంజంక్షన్ అడగడం. కొనుగోలుదారు తరఫున అదే లాయరు అడగాల్సింది అన్న చేత సేల్ డీడ్ రిజిస్టర్ చేయించమని. ఒకే అడ్వకేట్ పొద్దున ఒక ఫైలు పట్టుకుని రిజిస్ట్రేషన్ ఆపమని, మధ్యాహ్నం ఇంకో ఫైలు పట్టుకుని రిజిస్ట్రేషన్ జరిపించమని అడగాలి. అదీ ఒకే సర్వే నంబరు మీద. సామాన్యంగా ఇలా ఎవరూ అడగరు. ఆ రెంటిలో ఒకటి అడగకుండా వదిలేస్తారు. ఘర్షణ బయటపడేది ఇక్కడే, వేసిన పిటిషన్లలో కాదు, వేయకుండా వదిలేసిన పిటిషన్లలో.

అందుకే ఈ రకం ప్రశ్నకు పనికొచ్చే పరీక్ష ఒకటుంది. రెండో క్లయింటు రాకపోయి ఉంటే మొదటి క్లయింటుకు ఈ లాయరు ఏ సలహా ఇచ్చేవాడో రాసుకోవాలి. ఇప్పుడు అదే సలహా నోరు తెరిచి ఇవ్వగలడా అని చూడాలి. చెల్లెలి విషయంలో ఆ సలహాలు రెండున్నాయి. ఇంజంక్షన్ అడగడం ఒకటి. అగ్రిమెంట్ సంగతి తెలిసింది కనుక కొనుగోలుదారును కూడా పార్టిషన్ దావాలో ప్రతివాదిగా చేర్చడానికి ఇంప్లీడ్ పిటిషన్ వేయడం రెండోది. అలా చేరిస్తే వచ్చే డిక్రీ అతన్నీ నేరుగా కట్టేస్తుంది, రేపు అతను వేరే గొడవ లేవదీసే సందు ఉండదు. ఈ రెండో సలహా ఇచ్చిన మరుక్షణం అడ్వకేట్ తన సొంత క్లయింటును ఎదుటి పక్షంగా మార్చుకున్నట్టే. అప్పుడు 33వ నియమం అక్షరాలా వచ్చి మెడకు తగులుతుంది. కాబట్టి అతను ఆ సలహా ఇవ్వడు. నియమం తగలకుండా ఉన్నది అతను మంచివాడు కావడం వల్ల కాదు, చెల్లెలికి రావాల్సిన సలహా ఆమెకు అందకపోవడం వల్ల.

అవతలి వైపు కూడా ఇదే నష్టం. అమ్మినవాడికి మొత్తం ఆస్తి మీద హక్కు లేదని తేలితే, హక్కున్నంత మేరకే తీసుకుని మిగిలిన దాని మీద పట్టు వదులుకునే దారి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 12వ సెక్షన్‌లో కొన్ని షరతులతో ఉంది. కొనుగోలుదారు ఆ దారి పట్టాలా, నాలుగెకరాల కోసం చివరిదాకా పోరాడాలా అన్నది అతని జీవితంలో పెద్ద నిర్ణయం. చెల్లెలి వకాలత్ చేతిలో ఉన్న అడ్వకేట్ మూడెకరాలతో సరిపెట్టుకోమని చెబితే, అది నిజాయతీగా చెప్పిన మాటే కావచ్చు. కానీ ఎవరి మేలు కోరి చెప్పాడో కొనుగోలుదారుకు తెలిసే మార్గం లేదు.

ఇంతవరకూ చూసింది సలహా సంగతి. అసలు ముడి అగ్రిమెంట్లోని ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఉమ్మడి కుటుంబ పెద్ద మిగతావారి వాటాను కూడా కట్టుబడేలా అమ్మాలంటే కుటుంబ అవసరం ఉండాలి, లేదా కొన్నవాడు ఆ అవసరం గురించి నిజాయతీగా విచారించి నమ్మి ఉండాలి. 1856 నాటి హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పినప్పటి నుంచీ నిలిచిన సూత్రమిది. రుజువు చేయాల్సింది కొన్నవాడే. ‘కుటుంబ అప్పుల కోసం’ అన్న మాట అగ్రిమెంట్లోకి వచ్చింది అందుకే. ఆ మాట నిలబడితే చెల్లెలి వాటాలోని ఎకరం కూడా పోయే ప్రమాదముంది. కూలిపోతే ఆమె మూడెకరాలూ భద్రం. అది వట్టి రాత అని కొనుగోలుదారు స్వయంగా తన లాయరుకు చెప్పాడు. అంటే చెల్లెలి కేసును గెలిపించే సాక్ష్యం చెల్లెలి లాయరు చెవిలోనే ఉంది, కానీ వచ్చింది ఇంకో క్లయింటు నోటి నుంచి.

ఇప్పుడు అతనేం చేయాలి? క్లయింటు ప్రయోజనాన్ని న్యాయమైన మార్గాలన్నిటితో నిర్భయంగా కాపాడాలని 15వ నియమం చెబుతుంది. ఆ ప్రకారం చెల్లెలి కోసం ఈ విషయం వాడాలి. ఎవిడెన్స్ యాక్ట్ 126వ సెక్షన్ కింద ఉన్న బాధ్యతను నేరుగా గానీ పరోక్షంగా గానీ ఉల్లంఘించకూడదని 17వ నియమం చెబుతుంది. ఆ సెక్షన్ ప్రకారం వృత్తిపరంగా క్లయింటు చెప్పిన మాటను అతని స్పష్టమైన అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. 2024 జూలై 1 నుంచి ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో ఇదే విషయం 132వ సెక్షన్‌లో ఉంది. జవాబులో రెండు నంబర్లూ రాయడం మంచిది. ఆ ప్రకారం కొనుగోలుదారు మాటను మింగేయాలి. 15ను పాటిస్తే 17 పోతుంది, 17ను పాటిస్తే 15 పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ఆ అడకత్తెరలోకి ఎవరూ తోయలేదు, తనే వెళ్లి కూర్చున్నాడన్నది బార్ కౌన్సిల్ కమిటీ ముందు అతనికి అన్నిటికంటే ఇబ్బంది పెట్టే సంగతి.

తెలివైన విద్యార్థి ఇక్కడ ఒక మెలిక లేవనెత్తొచ్చు. అబద్ధపు వాక్యం రాయించుకోవడం మోసం కదా, మోసానికి గోప్యత రక్షణ ఉండదు కదా అని. 126లోని మినహాయింపు అంత విశాలం కాదు. చట్టవిరుద్ధమైన పనిని ముందుకు తీసుకెళ్లడానికి చెప్పిన మాటకూ, లాయరు పనిలో చేరాక జరిగినట్టు అతను గమనించిన నేరానికీ మోసానికీ అది వర్తిస్తుంది. అంతకుముందెప్పుడో చేసిన పని గురించి సలహా కోసం వచ్చి నిజం చెప్పుకుంటే, ఆ మాటకు రక్షణ ఉంటుంది. కాకపోతే నిజం తెలిసిన తర్వాత కూడా ఆ అబద్ధపు అవసరాన్ని ప్లెయింట్‌లో రాసిపెడితే అడ్వకేట్ వేరే చిక్కులో పడతాడు. అది కోర్టు పట్ల బాధ్యతకు సంబంధించిన విషయం. ఈ ప్రశ్నలో దాన్ని ఒక వాక్యంతో తాకి వదిలితే చాలు.

అయితే అడ్వకేట్ తప్పును ఏ నియమం కింద పెట్టాలి? అన్నిటికంటే గట్టిగా నిలబడేది 14వ నియమం. కేసు తీసుకునేటప్పుడే కాదు, కేసు నడిచినంత కాలమూ, పార్టీలతో తనకున్న సంబంధాన్నీ వివాదంలో తనకున్న ఆసక్తినీ క్లయింటుకు దాపరికం లేకుండా చెప్పాలని అది అంటుంది. కొలత ఏమిటంటే, ఆ విషయం తెలిస్తే క్లయింటు ఈ లాయరును పెట్టుకోవాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం మారే అవకాశముందా అన్నది. ఇక్కడ ‘ఎదుటి పక్షం’ అన్న మాట మీద గొడవ లేదు. కొనుగోలుదారు పార్టిషన్ దావాలో ఇంకా పార్టీ కాడు కనుక 14 కూడా వర్తించదని అడ్వకేట్ వాదించొచ్చు. కానీ ఆ నియమం క్లయింటు నిర్ణయాన్ని కొలతగా పెట్టుకుంది. ఆరెకరాల్లో నాలుగింటిని కోరుతున్న మనిషికి తన లాయరే లాయరని తెలిస్తే ఏ ఆడపడుచైనా మరుసటి రోజు వకాలత్ మార్చుకుంటుంది. దాన్ని ఆర్నెల్లు దాచడంతో, క్లయింటు తన మీద పెట్టుకున్న నమ్మకాన్ని దుర్వినియోగం చేయకూడదన్న 24వ నియమమూ వచ్చి చేరుతుంది.

ఈ జవాబుకు సుప్రీంకోర్టు దన్ను కూడా ఉంది. చంద్రశేఖర్ సోనీ వర్సెస్ బార్ కౌన్సిల్ ఆఫ్ రాజస్థాన్ కేసులో, 1983లో, ఒక పక్షం తరఫున పనిచేస్తూ ఇంకో పక్షం కేసు తీసుకోవడం వృత్తి మర్యాద కాదని కోర్టు చెప్పింది. పూర్తి విషయం చెప్పి, సంబంధమున్న అందరి దగ్గరా స్పష్టమైన అంగీకారం తీసుకుంటే తప్ప, పరస్పరం ఢీకొనే ప్రయోజనాలకు ప్రాతినిధ్యం వహించకూడదని కూడా అన్నది. కోర్టు వాడిన మాట ‘ఢీకొనే ప్రయోజనాలు’ అని గమనించాలి. ఎదుటి పక్షం అన్న ఇరుకు మాటలో పట్టని మన ప్రశ్న ఈ మాటలో పడుతుంది.

సోనీ తీర్పులోని ఆ ‘అంగీకారం ఉంటే తప్ప’ అన్న ముక్క చూసి చాలామంది జవాబును తేలిగ్గా ముగించేస్తారు. ఇద్దరి దగ్గరా సంతకాలు తీసుకుంటే సరిపోయేదని రాస్తారు. ఈ కేసులో ఆ సంతకం ఎలా తీసుకోవాలో ఆలోచిస్తే తెలుస్తుంది. చెల్లెలు ఇచ్చే అంగీకారానికి విలువ ఉండాలంటే ఆమెకు పూర్తి విషయం తెలియాలి. పూర్తి విషయమంటే ఇంకో క్లయింటు ఉన్నాడన్న కబురు ఒక్కటే కాదు, అతని దగ్గరున్న సమాచారం ఆమెకు ఎంత ముఖ్యమో కూడా. ‘నాకు మీ కేసుకు పనికొచ్చే ఒక విషయం తెలుసు, కానీ చెప్పను, వాడను, సమ్మతమేనా?’ అని అడగాలి. సమ్మతమంటే ఆమె తన కేసును తనే తగ్గించుకున్నట్టు. ఆ విషయమేమిటో చెప్పేస్తే కొనుగోలుదారు రహస్యం పోయినట్టు. అతని అనుమతి ముందుగా అడగాలంటే, తన కేసును కూల్చే మాటను అవతలి మనిషికి చెప్పొచ్చని ఏ క్లయింటు ఒప్పుకుంటాడు? అంగీకారం అనే తలుపు నియమంలో తెరిచే ఉంది, ఈ వాస్తవాల్లో దాన్ని చేరే మెట్లు లేవు. ఇది రాసిన జవాబుకూ, సంతకాలు తీసుకోవాల్సింది అని ఒక్క ముక్కలో తేల్చేసిన జవాబుకూ మార్కుల్లో తేడా కనబడుతుంది.

కొందరు అడ్వకేట్లు పట్టే ఇంకో దొడ్డిదారి, రెండో వకాలత్ జూనియర్ పేరు మీద వేయడం. 33వ నియమం మాటల్లో జూనియర్ ఊసు లేదు, నిజమే. కానీ 17వ నియమంలో ‘పరోక్షంగా’ అన్న మాట ఉంది. గోప్యత బాధ్యత లాయరు దగ్గర పనిచేసే గుమస్తాలకు కూడా వర్తిస్తుందని పాత చట్టం 127వ సెక్షన్ చెప్పింది, కొత్త చట్టంలో అది కూడా 132లోకే వచ్చింది. ఒకే బీరువాలో రెండు కట్టలూ, ఒకే గుమస్తా చేతిలో రెండు డైరీలూ ఉన్నప్పుడు వకాలత్ మీద సంతకం ఎవరిదన్నది పెద్ద తేడా తీసుకురాదు.

తప్పు జరిగిపోయింది, ఇప్పుడు దిద్దుకోవడం ఎలా అన్నది ప్రశ్నలో రెండో భాగంగా వస్తుంది. మొదటి నుంచీ ఉన్న చెల్లెలి కేసు ఉంచుకుని, తర్వాత వచ్చిన కొనుగోలుదారు కేసు వదిలేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. కొనుగోలుదారు చెప్పిన మాట బుర్రలోంచి పోదు, వకాలత్ రద్దయినా గోప్యత రద్దు కాదు. వృత్తి సంబంధం ముగిశాక కూడా ఆ బాధ్యత కొనసాగుతుందని సెక్షనే చెబుతోంది. పైగా చెల్లెలి కోసం ఇంప్లీడ్ పిటిషన్ వేయాల్సి వస్తే, ఒకప్పుడు సలహా ఇచ్చిన మనిషికి ఎదురుగా నిలబడాలి. ఏ సమయంలోనైనా సలహా ఇచ్చి ఉంటే చాలు అని 33వ నియమం అంటుంది గనుక అప్పుడు దారి పూర్తిగా మూసుకుపోతుంది. రహస్యం చెవిన పడ్డాక రెండు కేసులూ వదలడమే మిగిలిన మార్గం.

వదలడానికి కూడా పద్ధతుంది. 12వ నియమం ప్రకారం తగిన కారణం ఉండాలి, క్లయింటుకు చాలినంత ముందుగా నోటీసు ఇవ్వాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగివ్వాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3, రూల్ 4 ప్రకారం వకాలత్ ముగియాలంటే కోర్టు అనుమతితో రాతపూర్వకంగా జరగాలి. కోర్టులో చెప్పే కారణంలో రహస్యం జారిపోకూడదు. వృత్తిపరమైన ఇబ్బంది వల్ల తప్పుకుంటున్నానంటే చాలు. ఫీజు బాకీ ఉందని కట్ట ఆపుకోవడానికీ వీల్లేదు. బకాయి ఫీజు కోసం క్లయింటు కాగితాలు పట్టి ఉంచుకునే హక్కు అడ్వకేట్‌కు లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లో తేల్చింది.

శిక్ష సంగతి క్లుప్తంగా రాస్తే చాలు. అడ్వకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీ ఫిర్యాదు కొట్టేయొచ్చు, మందలించొచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపొచ్చు, రోల్స్ నుంచి పేరు తీసేయొచ్చు. దాని మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆ తర్వాత సుప్రీంకోర్టుకు, 60 రోజుల్లోపు అప్పీలు ఉంటుంది.

అసలు ఈ గొడవ రాకుండా ఉండాల్సింది కొనుగోలుదారు ఆఫీసులో కూర్చున్న మొదటి ఐదు నిమిషాల్లో. వచ్చినవాడి కథ వినక ముందే మూడు సంగతులు అడగాలి: మీ పేరేమిటి, గొడవ ఎవరితో, భూమి ఏ ఊర్లో ఏ సర్వే నంబరు. ఈ మూడూ గుమస్తా డైరీతో సరిచూస్తే అన్న పేరూ సర్వే నంబరూ రెండూ తగిలేవి. చాలా ఆఫీసుల్లో ఇబ్బంది ఏమిటంటే, డైరీ వాయిదా తేదీల ప్రకారం, క్లయింటు పేరు ప్రకారం ఉంటుంది. ప్రత్యర్థి పేరుతో, సర్వే నంబరుతో వెతికే వీలుండదు. అలాంటి డైరీలో మన కేసు దొరకదు, ఎందుకంటే కొనుగోలుదారు పేరు అందులో లేనే లేదు. ఆ దశలోనే ‘మీ కేసు నేను తీసుకోలేను’ అని చెప్పేసి ఉంటే ఎవరికీ నష్టముండేది కాదు. వచ్చిన కేసు కాదనకూడదని 11వ నియమం అంటుంది కదా అని కొందరు అడుగుతారు. ప్రత్యేక పరిస్థితుల్లో నిరాకరించొచ్చని అదే నియమం చెబుతోంది. ఇంతకన్నా ప్రత్యేకమైన పరిస్థితి ఉండదు. కారణం అడిగినా చెల్లెలి పేరు ఎత్తాల్సిన పని లేదు.

పరీక్షలో ఒక వాస్తవం మార్చి మళ్లీ అడగడం మామూలే. అగ్రిమెంట్ నాలుగెకరాలకు కాక రెండెకరాలకే అనుకుందాం. అన్న వాటా మూడు, అమ్మింది రెండు, కాబట్టి అంకెల్లో ఢీ లేదు. పంపకంలో ఆ రెండెకరాలను అన్న వాటా కిందే వేయమని కొనుగోలుదారు కోర్టును అడగొచ్చు, కోర్టులు వీలున్నంత వరకు అలా చేస్తాయి కూడా. అయినా ఆ రెండెకరాలు రోడ్డు వైపువైతే చెల్లెలు ఊరుకోదు. రోడ్డు బిట్టులో తనకూ సగం కావాలంటుంది. వెనక పొలమైతే నిజంగానే ఇద్దరికీ తగాదా లేకపోవచ్చు. అప్పుడు పూర్తిగా చెప్పి, ఇద్దరి రాతపూర్వక అంగీకారంతో రెండు కేసులూ నడపొచ్చన్న వాదన నిలబడుతుంది, దాచిపెట్టాల్సిన రహస్యం ఏదీ లేనంత వరకు.

రెండో మార్పు ఇంకా ఆసక్తికరం. చెల్లెలి దావా మూడేళ్ల క్రితమే ముగిసి, ఆమె మూడెకరాలు ఆమె చేతికి వచ్చేశాయి. ఇప్పుడు కొనుగోలుదారు అన్నకు మిగిలిన మూడెకరాల మీదే దావా వేయాలనుకుంటున్నాడు. భూమి మీద ఢీ లేదు, 33 తగలదు, చెల్లెలు ఇప్పుడు క్లయింటు కూడా కాదు. అడ్వకేట్ ఈ కేసు తీసుకోవచ్చు. కానీ ఆ రోజుల్లో చెల్లెలు చెప్పిన మాటల్లో ఒకటి అతనికి గుర్తుంది: అదే మూడెకరాలకు అన్న వేరొకరికి కూడా ఇంకో అగ్రిమెంట్ రాశాడని ఆమెకు తెలుసు. ఆ మాట కొనుగోలుదారుకు బంగారం. బయటపెట్టినా చెల్లెలికి రూపాయి నష్టం లేదు. అయినా సెక్షన్ నష్టం ఉందా లేదా అని అడగదు, అనుమతి ఉందా అనే అడుగుతుంది. కాబట్టి ఆ మాట వాడాలంటే ముందు ఆమె ఊరు వెళ్లి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. ఆమె కాదంటే, కొత్త క్లయింటుకు ఆ సంగతి ఇంకోచోట నుంచి తెలిసేదాకా అడ్వకేట్ నోరు విప్పకూడదు. అంత ముఖ్యమైన సంగతి దాచుకుని ఆ కేసు నడపలేననుకుంటే, ఆ కేసు తీసుకోకూడదు.